నాబ్ చివరిదాకా తిప్పండి: రూట్ లోకస్‌ను చూడకుండానే చదివే ఎనిమిది చిట్కాలు

కంట్రోల్ సిస్టమ్స్ ల్యాబులో అరగంటలో పని ముగించుకుని క్యాంటీన్‌కి పోదామనుకునే బుద్ధిమంతులందరికీ ఈ చిట్కాలు. కష్టపడి చదివేవాళ్ళకి పుస్తకాలున్నాయి. వాళ్ళు అటే వెళ్ళొచ్చు.

ముందు ఈ రూట్ లోకస్ తలనొప్పి ఎక్కణ్ణుంచి వచ్చిందో రెండు ముక్కల్లో. వాల్టర్ ఎవాన్స్ అనే అమెరికన్ ఇంజనీరు 1948లో ఈ పద్ధతిని ప్రచురించాడు. అంతకుముందు గెయిన్ మార్చిన ప్రతిసారీ సమీకరణాన్ని మళ్ళీ మొదట్నుంచి సాధించి మూలాలు వెతుక్కోవాల్సి వచ్చేది. ఆయన ఆ మూలాలు గెయిన్‌తో పాటు ఎలా జరుగుతాయో ఒకే బొమ్మలో గీసి చూపించాడు. కోణాలు కూడడానికీ దూరాలు గుణించడానికీ స్పిరూల్ అని ఒక ప్లాస్టిక్ పరికరం కూడా చేసి అమ్మాడు. ఆయన అంత శ్రమపడ్డాడు కాబట్టి మనం పడక్కర్లేదు. ఇది మొదటి సూత్రం.

ఉదాహరణకి ల్యాబులో ఉండే డీసీ సర్వో మోటారునే తీసుకుందాం. డయల్ మీద ఒక కోణం పెడతారు. షాఫ్టు ఎంత తిరిగిందో పొటెన్షియోమీటరు చెబుతుంది. ఆ రెండిటి తేడాని ఆంప్లిఫయరు K రెట్లు పెంచి మోటారుకి ఇస్తుంది. ఆ K మీ చేతిలో ఉన్న నాబ్. సున్నా నుంచి 200 దాకా తిరుగుతుందనుకోండి. మోటారు సంగతి ఇదీ:

```
s = tf('s');
G = 1/(s*(s+3)*(s+6));
rlocus(G)
```

మూడు లైన్లు కొట్టగానే తెర మీద బొమ్మ వస్తుంది. మీ వంతు శ్రమ ఇక్కడితో అయిపోయింది. ఇక చిట్కాలు.

1. ఇంటూ గుర్తుల్నే జవాబుగా రాసెయ్యండి.

బొమ్మలో సున్నా దగ్గర ఒకటి, −3 దగ్గర ఒకటి, −6 దగ్గర ఒకటి, మొత్తం మూడు ఇంటూ గుర్తులు కనిపిస్తాయి. కొట్టొచ్చినట్టు కనిపించేవి అవే కాబట్టి అవే పోల్స్ అని రికార్డులో రాసెయ్యండి. "మూడూ ఎడమ పక్కనే ఉన్నాయి, సిస్టమ్ స్టేబుల్" అని కింద గీత కొట్టండి. సున్నా దగ్గరున్నది సరిగ్గా నిలువు గీత మీద కూర్చుందని ఎవరైనా అంటే, కొంచెం ఎడమకి ఒరిగి ఉందని చెప్పండి.

చాదస్తులు మాత్రం ఇలా అంటారు: ఆ గుర్తులు ఓపెన్ లూప్ పోల్స్. నాబ్ పూర్తిగా మూసి, K సున్నా అయినప్పుడే క్లోజ్డ్ లూప్ పోల్స్ అక్కడుంటాయి. ఫీడ్‌బ్యాక్ కలిపి నాబ్ తిప్పాక అసలు పోల్స్ ఏవంటే s³ + 9s² + 18s + K = 0 అనే సమీకరణానికి మూలాలు. K మారితే మూలాలు మారతాయి, అవి నడిచే దారే ఆ రంగు గీత. అంటే ఇంటూ గుర్తు బయల్దేరిన చోటు మాత్రమే, ఇప్పుడున్న చోటు కాదు.

వినడానికి బాగానే ఉంది. కానీ బయల్దేరిన చోటే చేరిన చోటు అనుకుంటే గీతలు చూసే పని తప్పుతుంది. ఆ సౌకర్యాన్ని వదులుకోకండి.

2. గీత మీద K అంకెలు పొరపాటున కూడా రాయకండి.

ఈ బొమ్మలో మనకి దేవుడిచ్చిన వరం ఒకటుంది. అడ్డ గీత మీద అంకెలుంటాయి, నిలువు గీత మీద అంకెలుంటాయి, కానీ పోల్ నడిచే గీత మీద K ఎంతో ఎక్కడా రాసి ఉండదు. కిలోమీటరు రాళ్ళు పీకేసిన రోడ్డులాంటిది. ఎక్కడున్నామో తెలీదు కాబట్టి తప్పు పట్టేవాడికీ తెలీదు.

పనిగట్టుకుని రాళ్ళు పాతేవాళ్ళు ఏం చేస్తారో చెబుతాను, మీరు చెయ్యకండి. సున్నా నుంచి ఒక పోలు ఎడమకీ, −3 నుంచి ఒక పోలు కుడికీ బయల్దేరి −1.27 దగ్గర కలుసుకుంటాయి. అదే బ్రేక్‌అవే పాయింట్. అక్కడ K సుమారు 10.4. వాళ్ళు ఆ అంకెను పెన్సిలుతో గీత పక్కనే రాస్తారు. అక్కణ్ణుంచి రెండూ విడిపోయి ఒకటి పైకీ ఒకటి కిందికీ వంపు తిరుగుతాయి. −1 ± j1.732 దగ్గర K = 28 అని రాస్తారు. నిలువు గీతను ±j4.24 దగ్గర దాటుతాయి, అక్కడ K = 162 అని ఎర్ర ఇంకుతో రాస్తారు. మూడో పోలు −6 నుంచి ఎడమకి తన దారిన తాను పోతూ ఉంటుంది.

మూడే మూడు అంకెలు. అవి రాసుకున్నవాడికి నాబ్ ఎంత తిప్పితే ఏమవుతుందో ముందే తెలిసిపోతుంది. అలా తెలిసిపోతే ఇక ప్రయోగంలో ఉత్కంఠ ఏముంటుంది? మీ బొమ్మను ఖాళీగా, శుభ్రంగా ఉంచండి. నీట్‌నెస్‌కి ఎలాగూ మార్కులుంటాయి.

3. నెమ్మదిగా ఉందనిపిస్తే గెయిన్ పెంచండి. ఇంకా నెమ్మదిగా ఉంటే ఇంకా పెంచండి.

గెయిన్ అంటే బలం, బలం అంటే వేగం. ఇంతకు మించి సిద్ధాంతం అక్కర్లేదు. K పదికి లోపల ఉన్నంతసేపు ఈ మాట నిజమే కూడా. సున్నా దగ్గర బద్ధకంగా కూర్చున్న పోలు ఎడమకి జరుగుతుంది, మోటారు చురుగ్గా కదులుతుంది. ఆ అనుభవంతో ధైర్యం తెచ్చుకుని, 10.4 దాటాక కూడా అదే పాట పాడండి.

దాటాక జరిగేది వేరు. సమీకరణంలో s² ముందున్న 9లో K లేదు. కాబట్టి మూడు పోల్స్‌నీ కూడితే K ఎంతైనా −9 మాత్రమే వస్తుంది. మూడో పోలు ఎడమకి ఎంత జరిగితే, ఆ లెక్క సరిపెట్టడానికి మిగతా జంట అంత కుడికి జరగాల్సిందే. K = 28 దగ్గర మూడోది −7, జంట −1 దగ్గర. K = 100 దగ్గర మూడోది −8.28, జంట −0.36 దగ్గరికి వచ్చేస్తుంది. నిలువు గీత నుంచి జంట ఎంత దూరంలో ఉందో ఆ అంకెతో 4ని భాగిస్తే సెట్లింగ్ టైమ్ రమారమి తెలుస్తుంది. 28 దగ్గర నాలుగు సెకన్లు, 100 దగ్గర పదకొండు సెకన్లు. గెయిన్ దాదాపు మూడున్నర రెట్లు పెంచితే, స్థిరపడే సమయం కూడా దాదాపు మూడు రెట్లు పెరిగింది.

మీకు మాత్రం షాఫ్టు మొదటిసారి లక్ష్యం దాటే క్షణం ఒక్కటే చాలు. డయల్ 90 డిగ్రీలకి పెట్టండి. K = 28 అయితే షాఫ్టు 104 దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, బుద్ధిగా 90 దగ్గర నిలబడుతుంది. K = 100 అయితే ఝామ్మని 90 దాటి 150 దరిదాపులకి పోతుంది. 90 దాటగానే స్టాప్‌వాచ్ నొక్కెయ్యండి. తర్వాత అది ఎన్నిసార్లు ఊగిందో మీ ప్రశ్నాపత్రంలో అడగలేదు.

ఎందుకు పెంచావని అడిగితే "స్టెడీ స్టేట్ ఎర్రర్ తగ్గించడానికి సర్" అనండి. గంభీరంగా ఉంటుంది. సున్నా దగ్గర ఓపెన్ లూప్ పోలు ఉన్న ఈ సిస్టమ్‌లో, స్టేబుల్‌గా ఉన్నంతవరకు, స్టెప్ ఇన్‌పుట్‌కి ఆ ఎర్రర్ ఏ గెయిన్‌కైనా సున్నాయే. డయల్‌ను ఆపకుండా ఒకే వేగంతో తిప్పుతూ పోయినప్పుడే షాఫ్టు వెనకబడుతుంది, అది మాత్రమే గెయిన్‌తో తగ్గుతుంది. మీరు డయల్ ఒక్కసారి తిప్పి వదిలేశారు. అయినా ఈ తేడా పట్టుకునే ఓపిక మధ్యాహ్నం మూడింటికి ఎవరికుంటుంది?

4. కోణం కొలవాలంటే కిటికీని సాగదీసి కొలవండి.

ఓవర్‌షూట్ 16 శాతం దాటకూడదని మాన్యువల్‌లో ఉంటుంది. అంటే డ్యాంపింగ్ రేషియో 0.5. అంటే మూలబిందువు నుంచి ఎడమ అడ్డ గీతతో 60 డిగ్రీల కోణంలో ఒక గీత గీసి, అది రూట్ లోకస్‌ను ఎక్కడ తాకుతుందో చూడాలి. మన మోటారుకి అది సరిగ్గా K = 28 దగ్గర తాకుతుంది.

ఇక్కడే మంచి అవకాశం ఉంది. తెర మీద అడ్డ స్కేలూ నిలువు స్కేలూ ఒకటిగా ఉండాలన్న రూలు లేదు. కిటికీని ఎటు లాగితే బొమ్మ అటు సాగుతుంది. అడ్డంగా నిలువుకి రెండింతలు సాగదీసి, కోణమానిని తెరకి ఆనించి కొలవండి. అప్పుడు K = 50 దగ్గరున్న బిందువు కూడా 60 డిగ్రీల దరిదాపుల్లోనే కనిపిస్తుంది. నిజానికి దాని కోణం 73 డిగ్రీలు, డ్యాంపింగ్ రేషియో 0.3కి కాస్త తక్కువ, ఓవర్‌షూట్ 38 శాతం చుట్టూ ఉంటుంది. కానీ మీ కోణమానిని 60 అంటోంది కదా! పరికరం చూపించింది రాయడమే శాస్త్రం.

`axis equal` అని ఒక కమాండు ఉంది. అది కొడితే రెండు స్కేళ్ళూ సమానమై 60 డిగ్రీలు 60 లాగే కనిపిస్తాయి. `sgrid` అని ఇంకోటి ఉంది, అది డ్యాంపింగ్ గీతల్ని సరైన చోట తానే గీసిపెడుతుంది. ఈ రెండిటి జోలికీ పోకండి. నిజం తెలిశాక దాన్ని తప్పించుకోవడం తెలియనప్పటికంటే కష్టం.

5. గీత మీద క్లిక్ చెయ్యనక్కర్లేదు, నచ్చిన చోట చెయ్యండి.

ఇది నా చిట్కాలన్నిట్లో మణిపూస. పోల్స్ −1 ± j1.732 దగ్గర ఉంటే నాలుగు సెకన్లు పడుతోంది. మీకు రెండు సెకన్లే కావాలి. అయితే పోల్స్ −2 ± j2 దగ్గర ఉండాలి. అక్కడ రూట్ లోకస్ గీత లేదు. అయితేనేం, కంప్యూటర్ని అడిగి చూడండి:

```
[k,poles] = rlocfind(G,-2+2j)
```

అది కిక్కురుమనకుండా k = 28.2843 అని ఇస్తుంది. "గెయిన్ 28.28, పోల్స్ −2 ± j2, సెట్లింగ్ టైమ్ 2 సెకన్లు" అని రికార్డులో రాసేసుకోండి. నాలుగు దశాంశాలున్న అంకెను అనుమానించే మగాడు గానీ ఆడది గానీ ఈ భూమ్మీద లేరు.

ఒక్క జాగ్రత్త. తెర మీద k కిందే poles అని మూడు అంకెలు కూడా వస్తాయి. వాటిని చూడకండి. చూస్తే మీ −2 ± j2 అందులో ఉండదు. −7 దగ్గర ఒకటి, సుమారు −1 ± j1.74 దగ్గర ఒక జంట ఉంటాయి. అంటే మీరు అడిగిన చోటు ఒకటి, పోల్స్ వెళ్ళి కూర్చున్న చోటు ఇంకొకటి.

ఎందుకలా అంటే, ఒక బిందువు రూట్ లోకస్ మీద ఉందా లేదా అన్నది కోణాలు తేలుస్తాయి, K ఎంత అన్నది దూరాలు తేలుస్తాయి. మూడు ఇంటూ గుర్తుల నుంచి ఆ బిందువుకి మూడు గీతలు గీసి, వాటి కోణాలు కూడితే 180 డిగ్రీలు రావాలి. −1 + j1.732 దగ్గర అవి 120, 40.9, 19.1. కూడితే సరిగ్గా 180. ఆ గీతల పొడవులు 2, 2.646, 5.292. గుణిస్తే 28. ఎవాన్స్ స్పిరూల్ తిప్పి చేసిన పని ఇంతే. ఇప్పుడు −2 + j2 దగ్గర కోణాలు 135, 63.4, 26.6. కూడితే 225. నలభై అయిదు డిగ్రీలు ఎక్కువొచ్చింది కాబట్టి, ఏ గెయిన్ పెట్టినా ఏ పోలూ అక్కడికి రాదు. అక్కడికి రప్పించాలంటే నాబ్ చాలదు, కోణం సరిచేసే కాంపెన్సేటరు కావాలి.

కమాండు మాత్రం కోణం అడగదు, పొడవులు గుణించి చేతిలో పెడుతుంది. అడగని మంచితనాన్ని వాడుకోవడంలో తప్పేముంది?

6. దూరంగా ఉన్న పోల్‌ను లెక్కలోంచి తీసెయ్యండి.

అసలు సెట్టులో పొటెన్షియోమీటరు తర్వాత నాయిస్ తగ్గించడానికి ఒక ఫిల్టరు ఉంటుందనుకుందాం. దాని పోలు −20 దగ్గర. మిగతావి 0, −3, −6. అంత దూరాన ఉన్నదాన్ని పట్టించుకుంటే బొమ్మలో ఇంకో గీత పెరుగుతుంది. "చాలా దూరంగా ఉంది, నెగ్లెక్ట్ చేశాం" అని ఒక వాక్యం రాసి పారెయ్యండి. ఆ వాక్యం పాఠ్యపుస్తకాల్లో కూడా ఉంటుంది కాబట్టి ఎవరూ నోరెత్తరు.

నిజానికి గెయిన్ తక్కువున్నప్పుడు ఆ వాక్యం తప్పు కూడా కాదు. K = 28 దగ్గర ఫిల్టరు ఉన్నా లేకపోయినా షాఫ్టు దాదాపు ఒకలాగే కదులుతుంది. కానీ మీరు ఆ వాక్యాన్ని నిలువు గీత దాకా మోసుకెళ్ళండి. ఫిల్టరు కలిపితే సమీకరణం s⁴ + 29s³ + 198s² + 360s + 20K = 0 అవుతుంది. దానికి రౌత్ పట్టిక వేస్తే పోల్స్ నిలువు గీత దాటేది 162 దగ్గర కాదు, 115 దగ్గరే అని తేలుతుంది. దూరంగా ఉన్న ఆ పోలు పోల్స్ జంటను కుడికి నెట్టేసింది.

ఇప్పుడు మీ బొమ్మను నమ్ముకుని K = 120 పెట్టండి. బొమ్మ ప్రకారం ఇంకా 42 మిగులుంది. యంత్రం ప్రకారం హద్దు దాటి అయిదైంది. షాఫ్టు అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది, ఆగదు.

ఈ రహస్యం బయటపడే దారి ఒకటుంది, అది మూసెయ్యండి. ఫిల్టరు లేని బొమ్మలో హద్దు దగ్గర ఊగు సెకనుకి 4.24 రేడియన్లు, అంటే ఒక్కో ఊగుకి 1.48 సెకన్లు. ఫిల్టరుతో అయితే 3.52 రేడియన్లు, ఊగుకి 1.78 సెకన్లు. పది ఊగులు లెక్కపెడితే ఒకటి పదిహేను సెకన్లు, ఇంకోటి పద్దెనిమిది. చేతి గడియారం ఉన్న ఎవడైనా ఈ తేడా పట్టేస్తాడు, "బొమ్మలో లేని పోలేదో లూపులో ఉంది" అంటాడు. అందుకని పది ఊగులయ్యే లోపే స్విచ్ కట్టెయ్యండి.

7. నాబ్ 200కి తిప్పి, సిద్ధాంతం తప్పని నిరూపించండి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పాటించినవాడు సహజంగా ఇక్కడికే చేరతాడు. నాబ్ చివరిదాకా తిరుగుతుంది కాబట్టి తిప్పాలి. తిప్పకూడనిదైతే తయారుచేసినవాడు 162 దగ్గరే ఆపేసేవాడు కదా!

ఫిల్టరు లేని బొమ్మలోనే K = 200 దగ్గర జంట పోల్స్ +0.18 ± j4.62 దగ్గరికి చేరతాయి. కుడి సగంలో ఉన్న ఆ 0.18 చిన్న అంకెలాగే కనిపిస్తుంది. దాని అర్థం ఏమిటంటే ఊగు ప్రతి 3.9 సెకన్లకీ రెట్టింపవుతుంది. ఫిల్టరు ఉన్న అసలు సెట్టులో ఇంకా తొందరగా. లెక్క ప్రకారం అది అలా అనంతం దాకా పెరుగుతూ పోవాలి.

కానీ పోదు. ఆంప్లిఫయరు సప్లై ఓల్టేజీకి మించి ఇవ్వలేదు. తేడా ఎంత పెరిగినా మోటారుకి అందేది ఆ పై హద్దే. అంటే ఊగు పెద్దదయ్యేకొద్దీ లూపుకి అందే అసలు గెయిన్ తగ్గుతూ వచ్చి, సరిగ్గా హద్దు దగ్గరి గెయిన్‌తో సమానమైన చోట ఊగు పెరగడం ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఒకే పరిమాణంలో, దాదాపు 1.8 సెకన్లకి ఒకటి చొప్పున, కరెంటు ఉన్నంతసేపూ ఊగుతూనే ఉంటుంది.

ఇది మీకు బంగారం లాంటి సాక్ష్యం. "థియరీ అనంతం అంది, మా సెట్టులో అనంతం రాలేదు, కాబట్టి రూట్ లోకస్ ప్రాక్టికల్‌గా పనికిరాదు" అని కన్‌క్లూజన్ రాయండి. రూట్ లోకస్ లీనియర్ మోడల్‌కే వర్తిస్తుందనీ, ఊగు మొదలవుతుందా లేదా అన్నది అది ఖచ్చితంగా చెప్పిందనీ, ఎక్కడ ఆగుతుందో చెప్పడం దాని పని కాదనీ గొణిగేవాళ్ళుంటారు. ఆ గొణుగుడు మీకు వినబడదు. అప్పటికి గేర్ల పళ్ళు దిశ మారినప్పుడల్లా టకటకమంటూ ఉంటాయి. అటు చివరా ఇటు చివరా పూర్తి కరెంటు తాగుతున్న మోటారు వేడెక్కి, వార్నిష్ వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే మీరు విజయానికి చేరువలో ఉన్నట్టే.

8. వైవాకి సాకులు ముందే సిద్ధం చేసుకోండి.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాట్లాడడం సిగ్గుపడాల్సిన విషయం కాదు, నేర్చుకోవాల్సిన విద్య. ఎక్స్‌టర్నల్ ఎదుట ఇలా నడిపించండి.

"మోటారు ఎందుకు ఊగుతోందయ్యా?"

"సెట్టు పాతది సర్. గేర్లలో ప్లే ఉంది."

"గెయిన్ ఎంత పెట్టావు?"

"ఆప్టిమమ్ పెట్టాను సర్."

"ఆప్టిమమ్ అంటే ఎంత?"

"నాబ్ చివర సర్."

"నీ బొమ్మలో గీత నిలువు గీతను ఎక్కడ దాటింది?"

"మా బ్యాచ్ బొమ్మలో దాటలేదు సర్. ప్రింటవుట్ చినిగింది."

ఈ చివరి జవాబు కోసం ముందే ఏర్పాటు కావాలి. ప్రింటు తీసేటప్పుడు కిటికీని నిలువు గీతకి కాస్త ఎడమ దగ్గరే కత్తిరించండి. కుడి సగం కాగితంలోనే లేకపోతే కుడి సగంలోకి పోల్ వెళ్ళిందని ఎవరు నిరూపిస్తారు? అసింప్టోట్‌లు −3 నుంచి 60 డిగ్రీల్లో కుడికే వంగి ఉన్నాయనీ, ఇంటూ గుర్తులు మూడుండి సున్నా గుర్తులు ఒక్కటీ లేనప్పుడు గీతలు ఎప్పటికో ఒకప్పటికి కుడికి దాటక తప్పదనీ ఎక్స్‌టర్నల్‌కి తెలిసి ఉండొచ్చు. తెలిస్తే ఆయన తలదించుకుని నవ్వుకుంటాడు. ఆ నవ్వును మెచ్చుకోలుగా తీసుకోండి.

ఇంకా గట్టిగా అడిగితే "సర్, నాగ్రత్ అండ్ గోపాల్‌లో వేరేలా ఉంది" అనండి. పేజీ నంబరు అడిగితే "పాత ఎడిషన్ సర్" అనండి. పాత ఎడిషన్ ఎవరి దగ్గరా ఉండదు. ఉన్నా ఆ సమయానికి చేతిలో ఉండదు.

అన్నీ విఫలమైతే ల్యాబ్ అసిస్టెంటు పేరు చెప్పండి. నాబ్ ఆయనే తిప్పాడనండి. ఆయన అప్పటికి ఫ్యూజు మార్చడానికి స్టోర్‌రూమ్‌కి వెళ్ళి ఉంటాడు, కాదనడానికి అక్కడుండడు.

చివరి మాట

ఈ ఎనిమిదీ వరసగా పాటిస్తే బొమ్మ గీసి కూడా దాన్ని చదవనవసరం లేకుండా, నాబ్ మీద చెయ్యి పెట్టే ముందు ఒక్క అంకె కూడా తెలుసుకోనవసరం లేకుండా, కాలిన మోటారుతో సహా ప్రయోగం పూర్తవుతుంది. దారి తప్పేవాళ్ళు కూడా కొందరుంటారు. వాళ్ళు గీత మీద మూడు చోట్ల K రాసుకుంటారు, కోణాలు కూడి 180 వచ్చిందో లేదో చూస్తారు, మూడు పోల్స్ కూడి −9 వచ్చిందో లేదో సరిచూస్తారు, ఫిల్టరు పోల్ కలిపి హద్దు 115 అని తెలుసుకుని 28 దగ్గరే ఆగిపోతారు. షాఫ్టు నాలుగు సెకన్లలో 90 దగ్గర నిలబడుతుంది, వాళ్ళు చెప్పుకోవడానికి కథే ఉండదు.

కాబట్టి పాఠకులకి ఒకటే మనవి. మోటారు మాడితే ఖర్చు మీది. 28 దగ్గర ఆగి పని సవ్యంగా జరిగితే మాత్రం, దయచేసి ఈ చిట్కాలు చదివానని ఎవరితోనూ చెప్పకండి.